ట్యాంకర్ నంబరు దొరికినా కేసు ఎందుకు నిలబడదు?

వాగుగట్టు

మా వర్క్‌షాపు వెనకాల ఒక వాగు ఉంది. గత నెలలో ఓ రాత్రి రెండు గంటలప్పుడు మోటారు చప్పుడుకి మెలకువ వచ్చి బయటికి వచ్చి చూస్తే, గట్టు మీద లైట్లార్పిన ట్యాంకర్ ఒకటి వెనక్కి పెట్టి ఉంది. లావుపాటి పైపు ఒకటి నీళ్లలోకి జారవిడిచి ఉంది. ఫోన్లో వీడియో తీశాను. నంబరు ప్లేటు కూడా స్పష్టంగా పడింది. పావుగంటలో ఖాళీ చేసుకుని వెళ్లిపోయారు. కుళ్లిన కోడిగుడ్ల వాసన, దాని మీద పెయింటు థిన్నర్ లాంటి ఘాటు. తెల్లారేసరికి నా కళ్లు మండుతూనే ఉన్నాయి.

మర్నాడే ఫిర్యాదు చేశాను. నాలుగో రోజు ఒకాయన వచ్చి వాగు చూసి, నీళ్లు మామూలుగానే ఉన్నాయి కదా అన్నారు. వీడియో చూపించాను. "బండి కనిపిస్తోంది, బండిలో ఏముందో కనిపించడం లేదు" అని రాసుకుని వెళ్లిపోయారు. అంతే, ఆ తర్వాత ఎవరూ రాలేదు.

నా ప్రశ్న ఒక్కటే. కళ్లెదుట నేరం జరిగింది, బండి నంబరు ఉంది, సాక్షిని నేనున్నాను. ఇంకేం కావాలి వీళ్లకి?

సూటిగా

ఏం కావాలో నాకు తెలుసు అన్నా. ఆయనకి ముట్టాల్సింది ముట్టి ఉంటుంది. అది పక్కన పెడితే, అసలు రోగం శిక్షల్లో ఉంది. విషం పారబోస్తే జరిమానా కట్టి ఇంటికెళ్లిపోవచ్చు. వేట కేసుల్లోనూ ఇదే వరస. ఇరవై ఏళ్లు జైలు అని రాసిపెట్టండి, ఎవడు పారబోస్తాడో చూద్దాం.

పాత ల్యాబ్

వాగుగట్టు గారూ, నేను ఇరవై రెండేళ్లు నీళ్లు, మట్టి శాంపిళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేశాను. మీకు కోపం తెప్పించే మాటే చెప్పాలి. ఆ అధికారి లంచం తీసుకున్నాడో లేదో నాకు తెలియదు గానీ, ఆయన అన్న ఆ ఒక్క మాట మాత్రం నిజం. మీ వీడియో బండిని పట్టిచ్చింది, ద్రవాన్ని పట్టివ్వలేదు.

కోర్టులో ఇలాంటి కేసు నిలబడాలంటే నాలుగు ముడులు పడాలి. వాగులోకి పోసింది ప్రమాదకరమైనదే అని తేలాలి. అది ఆ బండి నుంచే వచ్చిందని తేలాలి. బండిలోకి ఫలానా ఫ్యాక్టరీ నుంచి ఎక్కిందని తేలాలి. ఎక్కించినవాడికి అదెక్కడికి పోతుందో తెలుసని తేలాలి. దొంగతనం కేసులో పోయిన వస్తువు దొరికితే సగం పని అయిపోతుంది. ఇక్కడ వస్తువే నీళ్లలో కలిసి కిందికి వెళ్లిపోతుంది. పారే వాగులో నాలుగు రోజుల తర్వాత శాంపిల్ తీస్తే పైనుంచి వచ్చిన మంచినీళ్లే సీసాలో పడతాయి. మీరు చెప్పిన ఆ గుడ్డు వాసన వాయువైతే కొన్ని గంటల్లోనే ఎగిరిపోయి ఉంటుంది.

కానీ అంతా పోదు. ఇది ఆ వచ్చినాయనకి తెలిసి ఉండాలి. పైపు మూతి ఆనిన చోట గట్టు మట్టి, నీటి అడుగున బురద, ఈ రెండూ చాలా రోజులు గుర్తు పెట్టుకుంటాయి. లోహాలు, నూనె జిడ్డు బురదను పట్టుకుని ఉంటాయి. పైపు పెట్టినచోటు నుంచి ఒకటి, దానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి తీసి పోల్చాలి. ఎగువ బురదలో లేనిది, పైపు దగ్గర ఎక్కువగా, దిగువకి పోయేకొద్దీ తక్కువగా కనిపిస్తే అప్పుడు ఆ మట్టే మాట్లాడుతుంది.

ఆ చోటు మీకు గుర్తుందా? గట్టు మీద గడ్డి ఎలా ఉంది?

పద్మజ

మా ఇంటి దగ్గర కూడా ఇంతేనండీ. పక్కనున్న రంగుల ఫ్యాక్టరీ చిమ్నీ నుంచి రోజూ సాయంత్రం ఒకటే వాసన. వాళ్లకి పర్మిషన్ ఉందంట. అయినా కేసు పెట్టొచ్చా? ఎక్కడ పెట్టాలి?

పాత ల్యాబ్

పద్మజ గారూ, మీది వేరే దారి. వాళ్లు అనుమతి తీసుకుని వదులుతున్నారు కాబట్టి, ఆ అనుమతిలో రాసిన పరిమితి దాటుతున్నారా లేదా అన్నదే చూడాలి. అనుమతి పత్రం నకలు అడిగి తెచ్చుకోండి. వాసన వచ్చిన రోజు, గంట, గాలి ఎటునుంచి వీస్తోందో ఒక నోటు పుస్తకంలో రాస్తూ ఉండండి. మీ సంగతి వేరే పోస్టుగా పెడితే విడిగా మాట్లాడుకుందాం.

వాగుగట్టు

ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. పైపు పెట్టినచోట చాప వెడల్పున గడ్డి మొత్తం గోధుమరంగుకి మాడిపోయింది. చుట్టూ పచ్చగానే ఉంది. రాళ్ల సందుల్లో నల్లటి జిగురు లాంటిది గట్టిపడి ఉంది. డబ్బాలో తీసి ల్యాబుకి పంపించనా?

పాత ల్యాబ్

వద్దు. ముట్టుకోకండి. మీరు తీసిన శాంపిల్ మీ అనుమానం తీర్చుకోవడానికి పనికొస్తుంది, కేసుకి పనికిరాదు. పైగా ఎదుటి లాయరు "ఆ నల్లది నువ్వే తెచ్చి పూశావేమో" అంటాడు. దూరం నుంచి, దగ్గర నుంచి ఫొటోలు తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టండి. ఆ చోటికి చుట్టూ నాలుగు కర్రలు పాతండి. రాతపూర్వకంగా మళ్లీ ఫిర్యాదు ఇచ్చి, బురద శాంపిల్ తీయమని అందులో స్పష్టంగా అడగండి.

వాళ్లు వచ్చినప్పుడు ఏం చేస్తున్నారో గమనించండి. జిడ్డు కోసం గాజు సీసా వాడాలి. ప్లాస్టిక్ అయితే జిడ్డు గోడలకి అంటుకుని లెక్క తగ్గుతుంది. లోహాల పరీక్షకి నీళ్లు తీస్తే నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి, లేకపోతే లోహం సీసాకే పట్టేస్తుంది. ఐసు పెట్టెలో పెట్టాలి. ప్రతి సీసాకి సీలు, నంబరు, టైము ఉండాలి. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఎన్ని గంటలకి మారిందో ఒక కాగితం మీద సంతకాలతో ఉండాలి. నా అనుభవంలో ఓడిపోయిన కేసుల్లో చాలావాటిని ముంచింది విషం కాదు, ఈ కాగితం. మధ్యలో ఒక రాత్రి సీసా ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. అంతే.

సూటిగా

సీసాలు, సీళ్లు అంటూ తిప్పుతారు గానీ, పెద్ద కంపెనీ చేస్తే ఇవన్నీ ఉన్నా ఏమవుతుంది చెప్పండి. అందుకే అంటున్నా, శిక్ష పెంచాలి.

పాత ల్యాబ్

అయితే ఒక పెద్ద కేసే చూద్దాం. ఇందులో కాగితాలు ఉన్నాయి, ల్యాబు ఫలితాలు ఉన్నాయి, ఓడ పేరు ఉంది, ఓడని నడిపించిన కంపెనీ పేరూ ఉంది. ప్రోబో కోవాలా అనే ఓడ, 2006.

ఆ ఓడని అద్దెకి తీసుకున్నది ట్రాఫిగురా అనే చమురు వ్యాపార కంపెనీ. గంధకం బాగా ఎక్కువున్న కోకర్ నాఫ్తా అనే చవక సరుకు కొన్నారు. దాన్ని కాస్టిక్ సోడాతో కడిగితే కంపు కొట్టే గంధక పదార్థాలు చాలావరకు సోడా నీళ్లలోకి దిగిపోతాయి. సరుకు అమ్మకానికి పనికొస్తుంది, కడిగిన నీళ్లు మిగులుతాయి. ఈ కడుగుడు మామూలుగా ఒడ్డున ప్లాంటులో చేసేది. వీళ్లు నడిసముద్రంలో ఓడ మీదే చేశారు.

జులైలో ఆ నీళ్లు దించడానికి ఆమ్‌స్టర్‌డామ్ రేవుకి వచ్చారు. ఓడలు తమ ట్యాంకులు కడిగిన నీళ్లు దించుకోవడం రోజూ జరిగే పనే కాబట్టి, దీన్నీ అలాగే రాయించారు. శుద్ధి చేసే సంస్థ కొంత దించుకోగానే చుట్టుపక్కల వాసన మీద ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే ఇది మామూలు కడుగునీళ్లు కాదని తేలింది. క్యూబిక్ మీటరుకి 27 యూరోలన్న రేటు సుమారు 1,000 యూరోలకి చేరింది. కంపెనీ ఒప్పుకోలేదు. దించినదాన్ని మళ్లీ ఓడలోకే ఎక్కించుకుని వెళ్లిపోయారు. రేవు అధికారులు వెళ్లనిచ్చారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇక్కడే. ల్యాబు ఫలితం చేతిలో ఉంది, ఓడ కళ్లముందుంది, ఆపడం ఎవరి పని అన్నది మాత్రం ఎవరికీ తేలలేదు.

ఆగస్టు 19న ఆ ఓడ ఐవరీ కోస్ట్‌లోని ఆబిడ్జాన్ చేరింది. అక్కడ కొన్ని వారాల ముందే లైసెన్సు పుట్టిన టామీ అనే చిన్న కంపెనీ క్యూబిక్ మీటరుకి 35 డాలర్లకి ఒప్పుకుంది. శుద్ధి చేసే ప్లాంటు లేదు, ట్యాంకర్ లారీలు ఉన్నాయి. 500 క్యూబిక్ మీటర్లకు పైగా ఉన్న ఆ ద్రవాన్ని రాత్రిపూట అకుఏడో చెత్తకుప్పలోనూ, నగరం చుట్టూ మరెన్నో చోట్లా ఒంపేశారు. సోడా ఉన్నంతసేపు ఆ గంధకం నీళ్లలోనే అణిగి ఉంటుంది. చెత్తలోని పులిసిన నీళ్లతో కలిసి సోడా బలం తగ్గిందా, వాయువై పైకి లేస్తుంది. లక్ష మందికి పైగా ఆసుపత్రులకి పరుగెత్తారు. పదిహేను మందికి పైగా చనిపోయారని అక్కడి ప్రభుత్వం చెప్పింది. తమ వ్యర్థాల వల్ల మరణాలు కలగలేదని కంపెనీ మొదటినుంచీ వాదిస్తూనే ఉంది.

లెక్కలు

యూరోకి డాలరుకి తేడా వదిలేసి లెక్కేశాను. 500 క్యూబిక్ మీటర్లు ఆమ్‌స్టర్‌డామ్ రేటుకైతే ఐదు లక్షలు. ఆబిడ్జాన్ రేటుకైతే పదిహేడున్నర వేలు. అంటే ఇరవై ఎనిమిది వంతుల్లో ఒక వంతు కూడా కాదు. ఒంపేయడానికి ఇంతకంటే కారణం వెతకక్కర్లేదు.

నేనొకచోట చదివాను, ప్రపంచంలో పర్యావరణ నేరాల విలువ ఏడాదికి 25,800 కోట్ల డాలర్లట. కరెక్టేనా?

పాత ల్యాబ్

అది 2016లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ, ఇంటర్‌పోల్ కలిసి ఇచ్చిన అంచనాలో పై కొస మాత్రమే. కింది కొస 9,100 కోట్లు. రెండు కొసల మధ్య అంత దూరం ఉందంటేనే ఎవరూ లెక్కపెట్టడం లేదని అర్థం. బ్యాంకు దొంగతనానికి ఫిర్యాదు చేసే బ్యాంకు ఉంటుంది. వాగుకి నోరు లేదు.

సూటిగా

మరి ఆ ఓడవాళ్లకి చివరికి ఏమైంది? అది చెప్పండి ముందు.

పాత ల్యాబ్

2007లో కంపెనీ ఐవరీ కోస్ట్ ప్రభుత్వానికి 9,500 కోట్ల సీఎఫ్‌ఏ ఫ్రాంకులు, అంటే 20 కోట్ల డాలర్లకి కొంచెం తక్కువ ఇచ్చింది. తప్పు ఒప్పుకోలేదు. ప్రభుత్వం కంపెనీ మీద కేసులు వదులుకుంది, అరెస్టయిన కంపెనీ పెద్దలు విడుదలై వెళ్లిపోయారు. 2008లో అక్కడి కోర్టు టామీ కంపెనీ యజమానికి 20 ఏళ్ల జైలు వేసింది. లండన్‌లో సుమారు 30,000 మంది బాధితులు వేసిన దావా 2009లో రాజీతో ముగిసింది. 2010లో నెదర్లాండ్స్ కోర్టు ట్రాఫిగురాకి 10 లక్షల యూరోల జరిమానా వేసింది. అది కూడా వ్యర్థాల ప్రమాదాన్ని దాచి దించబోయినందుకు, వాటిని అక్రమంగా దేశం దాటించినందుకు. ఆబిడ్జాన్‌లో జరిగినది ఆ విచారణలో లేనే లేదు.

మీరడిగిన ఇరవై ఏళ్ల శిక్ష పడింది సూటిగా గారూ. పడింది 35 డాలర్లకి ఒప్పుకున్నవాడికి.

సూటిగా

కాదనను. కానీ ఐదు లక్షలు మిగుల్చుకోబోయినవాడికి పది లక్షల జరిమానా అంటే ఏమంత? వంద సార్లలో ఒకసారి దొరికినా వాడికి లాభమే. శిక్ష చిన్నదే అన్న నా మాట ఇప్పటికీ నిలబడుతోంది.

లెక్కలు

ఈ కేసులో రాజీ సొమ్ము కూడా కలిపితే వాళ్లకి పెద్ద దెబ్బే తగిలింది. కానీ వంద సార్లలో ఒకసారి అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. జరిమానా పదిరెట్లు చేసినా దొరికేది వందలో ఒకటైతే, పారబోసేవాడు ఆలోచించేది ఆ మిగిలిన తొంభైతొమ్మిది గురించే.

అడవిదారి

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నేను అటవీ సిబ్బందిగా పనిచేసి రిటైరయ్యాను. శిక్ష పెంచితే చాలు అనుకునేవాళ్లకి మొంబాసా కేసు చెప్పాలి.

కెన్యాలో 2014 మొదట్లో కొత్త వన్యప్రాణి చట్టం అమల్లోకి వచ్చింది. సూటిగా గారు కోరుకున్నంత కఠినమైన చట్టం. అదే ఏడాది జూన్‌లో మొంబాసాలో ఒక గోదాంలో రెండు టన్నుల ఏనుగు దంతాలు పట్టుబడ్డాయి. ప్రధాన నిందితుడు పరారైతే ఇంటర్‌పోల్ వెతికి టాంజానియాలో పట్టుకుంది. 2016లో 20 ఏళ్ల జైలు, రెండు కోట్ల షిల్లింగుల జరిమానా పడ్డాయి. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. 2018లో పైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది, ఆయన బయటికి వచ్చేశాడు. దంతాలు లేవనలేదు ఎవరూ. ఆయనకీ ఆ దంతాలకీ ముడి సరిగ్గా పడలేదని, సాక్ష్యాల్లో లోపాలున్నాయని అన్నారు.

నా సొంత అనుభవం ఇంకా చిన్నది. ఒకసారి ఉచ్చులో పడి చనిపోయిన ఆడ చిరుత దొరికింది. మోటారుసైకిల్ క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు. నడుముకి పట్టి, పెనుగులాడేకొద్దీ లోపలికి కోసుకుపోయింది. చుట్టూ రెండు గజాల మేర నేల పంజాలతో దున్నేసినట్టుంది. దగ్గరి చెట్టు బెరడు మనిషెత్తు దాకా చీలికలై వేలాడుతోంది. కడుపులో రెండు పిల్లలున్నాయని పోస్టుమార్టంలో తేలింది. పక్క పల్లెలో ఒకడి ఇంట్లో అదే వైరు చుట్ట దొరికింది. అప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. ఉచ్చు వైరుని కోసిన కొసా, ఇంట్లో చుట్టకున్న కొసా రెండూ భద్రంగా ఉంచి ల్యాబుకి పంపి ఉంటే, ఒకే కటింగ్ ప్లేయర్ గాటు అవునో కాదో చూసేవాళ్లు. నేను చిరుత నడుము దగ్గర వైరుని ఎక్కడ పడితే అక్కడ కోసి, రెండు వైర్లనీ ఒకే సంచిలో వేశాను. కోర్టులో ఏది ఎక్కడిదో చెప్పలేకపోయాను. కేసు పోయింది. ఆ ఆడ చిరుత ముఖం ఇప్పటికీ నాకు కలలో వస్తుంది.

వాగుగట్టు

అన్నా, మీరొక్కరే ఏం చేస్తారు. శిక్షణ ఇచ్చారా అసలు?

అడవిదారి

తుపాకీ పట్టుకోవడం నేర్పారు, నిప్పు ఆర్పడం నేర్పారు. సంచి మీద సీలు ఎలా వేయాలో మాత్రం ఉద్యోగంలో పదకొండేళ్లు గడిచాక ఒక పూట చెప్పారు.

పాత ల్యాబ్ గారితో ఒక్క విషయంలో నాకు పేచీ ఉంది. ఒక్కొక్క కేసుని చక్కగా కట్టడమే మందు అన్నట్టు మాట్లాడుతున్నారు. అది సరిపోదు. శామ్యూల్ వాసర్ అనే శాస్త్రవేత్త బృందం 49 చోట్ల పట్టుబడ్డ దంతాల నుంచి 4,320 దంతాల డీఎన్‌ఏ పోల్చి 2022లో ఫలితాలు ప్రచురించింది. ఒకే ఏనుగు కుటుంబానికి చెందిన దంతాలు వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు రేవుల్లో దొరికిన కంటైనర్లలో కనిపించాయి. అంటే పంపేది కొద్దిపాటి ముఠాలే. కానీ ప్రతి రేవులోనూ విడివిడి కేసు పెడుతున్నారు, కంటైనర్ తోలినవాడిని పట్టుకుంటున్నారు. నా ఉచ్చు కేసు గెలిచి ఉన్నా వైరు కట్టిన పేదవాడు లోపలికి వెళ్లేవాడు. చర్మం కొనేవాడి గడప నేనెప్పుడూ తొక్కలేదు.

పాత ల్యాబ్

మీ మాట కాదనలేను. డబ్బు ఎటు వెళ్లిందో చూడడం నా ల్యాబు పని కాదు, అందుకే నాకు ఆ వైపు చూపు తక్కువ. అయినా కింది ముడి పడకుండా పై ముడికి ఎలా వెళ్తారన్నది నాకింకా తెలియడం లేదు. ట్యాంకర్ డ్రైవర్ నోరు విప్పాలన్నా, ముందు ఆయన మీద కేసు గట్టిదని ఆయనకి తెలియాలి కదా.

ఇంకో సంగతి. ప్రోబో కోవాలా తర్వాత మారినది ఏదైనా ఉందంటే అది శిక్ష కాదు. ఓడలు సముద్రం మీద ఉండగా ఇలాంటి రసాయన ప్రక్రియలు చేయకూడదని 2014 నుంచి అంతర్జాతీయ నిబంధన వచ్చింది. అప్పటిదాకా అది ఓడ మామూలు వ్యర్థమా, దేశం దాటిస్తున్న ప్రమాదకర వ్యర్థమా అని వాదించుకునే సందు ఉండేది. ఓడ వ్యర్థమైతే మార్పోల్ ఒప్పందం కిందికి, రెండోదైతే బాసెల్ ఒప్పందం కిందికి వస్తుంది. కాగితం మీద పేరు మారిస్తే చట్టమే మారిపోయేది. ఆ సందుల్లో ఒకటి మూసుకుంది.

సూటిగా

సరే, ఒకటి ఒప్పుకుంటున్నా. దొరక్కపోతే ఎంత శిక్ష రాసినా కాగితం మీదే ఉంటుంది. కానీ లంచం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఆ ఓడని ఆమ్‌స్టర్‌డామ్‌లో వదిలేసింది అయోమయం వల్లే కావొచ్చు. కొన్ని వారాల పాత కంపెనీకి ఆబిడ్జాన్‌లో లైసెన్సు ఇచ్చింది కూడా అయోమయం వల్లేనా?

అడవిదారి

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఉన్నా ఇక్కడ రాసేది కాదు.

వాగుగట్టు

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చాను, ఈసారి ఇద్దరు వచ్చారు. నేను పాతిన కర్రల మధ్య నుంచి, ఎగువ నుంచి, దిగువ నుంచి బురద తీశారు. గాజు సీసాలే వాడారు. సీలు వేశారు, నా సంతకం తీసుకున్నారు. ట్యాంకర్ యజమాని ఎవరో కూడా కనుక్కున్నారట. బండి ఆ వారమంతా రిపేరు షెడ్డులో ఉందని అతను బిల్లు చూపించాడట.

ఒక్క సంగతి మనసులో గుచ్చుకుంటోంది. వాళ్లు ఇక్కడి నుంచి బయల్దేరేసరికి శుక్రవారం సాయంత్రం ఆరున్నర. ల్యాబు రసీదు మీద సోమవారం పదకొండు గంటలని ఉంది. మధ్యలో ఆ పెట్టె ఎక్కడుందో కాగితం మీద లేదు. అడిగితే "ఆఫీసు ఫ్రిజ్‌లో" అన్నారు. పాత ల్యాబ్ గారూ, ఇప్పుడేం చేయాలి?

పాత ల్యాబ్

ఈరోజే మళ్లీ ఒక ఉత్తరం ఇవ్వండి. ఆ ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గర ఉందో, ఆ రెండు రోజులూ డ్యూటీలో ఎవరున్నారో వాళ్లతో ఇప్పుడే రాయించి సంతకం పెట్టించమని అడగండి. ఆర్నెల్లు పోయాక ఎవరికీ గుర్తుండదు. బురదలో లోహాలు రెండు రోజులకి ఎక్కడికీ పోవు, కాబట్టి ఫలితానికి ఢోకా లేదు. అది కోర్టులో నిలబడుతుందా అంటే చెప్పలేను.

అలాగే ఆ రిపేరు బిల్లు నకలు తీసుకున్నారా అని కనుక్కోండి. మీ వీడియోలో తేదీ, గంట ఉన్నాయి కదా. ఒరిజినల్ ఫైలు ఫోన్లోనే ఉంచండి. ఎవరికి ఇచ్చినా నకలే ఇవ్వండి, ఫోను మాత్రం మార్చకండి.

వాగుగట్టు

ఫోను మార్చను. నిన్న రాత్రి మళ్లీ ఆ వాసన వచ్చింది. బండి కనపడలేదు, దిగువ వైపు ఎక్కడో పోసి ఉంటారు. గంట రాసిపెట్టుకున్నాను, ఒకటీ నలభై. తెల్లారాక గట్టు వెంట కిందికి నడిచి చూస్తాను.